కేదార్‌నాథ్ దారిలో కాటన్ సాక్సులు

చార్‌ధామ్ యాత్రకు బయల్దేరే ముందు చాలామంది కొత్త బూట్లు కొంటారు. స్వెట్టరు, మంకీ క్యాపు, రెయిన్‌కోటు సర్దుకుంటారు. సాక్సుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంట్లో ఉన్న కాటన్ జతలే సంచిలో పడతాయి. గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కు దాదాపు 16 కిలోమీటర్ల నడక, సుమారు 1,600 మీటర్ల ఎక్కుడు. దారిలో ఎక్కడో ఒకచోట చెమటో వానో సాక్సును తడుపుతుంది. మడమ వెనక సన్నగా మంట మొదలయ్యేది అప్పుడే.

చర్మం పైపైన ఒరుసుకుపోతే బొబ్బ వస్తుందని అనుకుంటాం. జరిగేది వేరు. ఎడమ చేతి వెనక భాగం మీద కుడి వేలు గట్టిగా అదిమి, ముందుకూ వెనక్కూ కదిపి చూడండి. వేలు జారదు, చర్మమే దానితోపాటు సాగుతుంది. బూటులోనూ అంతే. అడుగు పడ్డప్పుడు లోపలి ఎముక కదులుతుంది, చర్మం మాత్రం సాక్సును పట్టుకుని ఉండిపోతుంది. ఈ సాగుడు వేలసార్లు జరిగాక చర్మం లోపలి పొరలు విడిపోయి, ఆ ఖాళీలోకి నీరు చేరుతుంది.

ఈ పట్టు పూర్తిగా పొడిగా ఉన్న చర్మానికి తక్కువ, కాస్త చెమ్మగిల్లిన చర్మానికి ఎక్కువ. నోట్లు లెక్కపెట్టేవాళ్లు వేలు తడుపుకునేది అందుకే.

కాటన్ తేలిపోయేది ఇక్కడే. నూలు పోగు చెమటను పీల్చి దాన్ని కాలికి ఆనించే ఉంచుతుంది. తడిశాక మెత్తదనం పోయి అణిగిపోతుంది, మడమ దగ్గర ముడతలు పడుతుంది. ఉన్ని పోగు పైపొర నీటిని వెంటనే లోపలికి రానివ్వదు కానీ ఆవిరిని రానిస్తుంది. తన బరువులో దాదాపు మూడో వంతు తేమను లోపల దాచుకున్నా చేతికి తడిగా అనిపించదు. పైగా పోగుకు పుట్టుకతోనే వంపులుంటాయి కాబట్టి చెమ్మలోనూ స్ప్రింగులా లేచి నిలబడుతుంది, చర్మానికీ బూటుకూ మధ్య మెత్త మిగులుతుంది. అలాగని ఉన్ని తడవదని కాదు. వాగులో కాలు పెడితే అదీ ముద్దవుతుంది, నైలాన్ కంటే ఆలస్యంగా ఆరుతుంది.

నూలుకు ఉన్న ఈ లోపం 1990లో అమెరికాలో దూరపు పరుగులవాళ్ల మీద చేసిన పరీక్షలో కనిపించింది. మెత్త అల్లిక ఉన్న అక్రిలిక్ సాక్సులతో పోలిస్తే అలాంటి కాటన్ సాక్సుల్లో బొబ్బలు రెట్టింపు వచ్చాయి. అదే పరిశోధకులు తర్వాత మెత్త లేని మామూలు అల్లికతో పరీక్ష చేస్తే ఆ తేడా కనబడలేదు. అంటే పోగు ఒక్కటే చాలదు, మందం కూడా చూసుకోవాలి.

మందానికి కొలత బూటే. పల్చటి రన్నింగ్ షూకు పల్చటి ఉన్ని సాక్సు సరిపోతుంది. కేదార్‌నాథ్ లాంటి రాతిదారికి, ట్రెక్కింగ్ బూటులోకి అరికాలు, మడమ, వేళ్ల దగ్గర మాత్రమే మెత్త ఉన్న మధ్యరకం మేలు. బాగా మందంగా ఉండేవి మంచులో నడిచేవాళ్లకు, అదీ బూటులో చోటుంటేనే. చలికి భయపడి ఇరుకు బూటులోకి మందపు సాక్సు దూర్చితే రక్తప్రసరణ తగ్గి కాలు ఇంకా చల్లబడుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తన ఆఫీసు సాక్సులతో చూసుకుని 8వ నంబరు ట్రెక్కింగ్ బూటు కొన్నాయన, చివర్లో మందపు సాక్సు తెచ్చుకున్నాడు. ఎక్కేటప్పుడు బాగానే ఉంటుంది. దిగేటప్పుడు పాదం ముందుకు జారి బొటనవేలు బూటు కొనకు గుద్దుకుంటుంది. ఆయన చేయాల్సింది తిరగేసిన పని. ముందు సాక్సు కొని, కాళ్లు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం వేళ దాన్నే తొడుక్కుని దుకాణానికి వెళ్లాలి. నిలబడితే పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, నడిస్తే మడమ పైకి లేవకూడదు. లేస్తుంటే ముందు లేసులు బిగించి చూడాలి. అయినా లేస్తే అది బూటు సైజు తప్పు, ఇంకో జత సాక్సులు వేసి సరిచేసేది కాదు.

కొనేటప్పుడు లేబుల్ చదవాలి. మెరినో ఉన్ని సగానికి పైగా, మిగతాది నైలాన్, కొద్దిగా సాగే దారం ఉన్నది చూసుకోవాలి. వట్టి ఉన్ని మడమ దగ్గర త్వరగా చిరుగుతుంది. చలికాలం సంతల్లో ఉన్నివని అమ్మేవాటిలో అక్రిలిక్ కూడా ఉంటుంది. అనుమానంగా ఉంటే ఊడిన ఒక పోగును పట్టకారుతో పట్టి, సింకు మీద కాల్చి చూడవచ్చు. ఉన్నయితే జుట్టు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. అక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. నూలు కాగితంలా కాలిపోతుంది.

సంచిలో రెండో జత పొడిగా, ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉండాలి. మడమ దగ్గర వెచ్చగా మంట తెలిసిన క్షణంలోనే ఆగి, బూటు విప్పి, చర్మం తుడిచి, ఆ చోట టేపు అతికించి, సాక్సు మార్చుకోవాలి. ఆ మంటకూ బొబ్బకూ మధ్య ఉండే వ్యవధి చాలా తక్కువ.