కత్తెర పట్టిన బొటనవేలు

పట్టు బ్లౌజు పీసు, దాని కింద లైనింగు, ఒక్కోసారి దానిమీద ఇంకో జత. అన్నీ కలిపి ఒకేసారి కత్తిరిస్తే పని త్వరగా తెములుతుంది. కానీ పొర పెరిగేకొద్దీ కత్తెరను నొక్కే బలమూ పెరగాలి. ఆ బలమంతా వచ్చి పడేది బొటనవేలు మణికట్టును కలిసే చోట. పెళ్లిళ్ల సీజన్ అయ్యేసరికి చాలామంది టైలర్లు చేయి చూపించి "ఇదిగో, ఇక్కడే" అనేది ఆ చోటే.

అక్కడున్న కీలు గుర్రం మీద వేసే జీను ఆకారంలో ఉంటుంది. అందుకే బొటనవేలు అన్ని వైపులా తిరుగుతుంది, మిగతా వేళ్లన్నిటికీ ఎదురొస్తుంది. ఆ స్వేచ్ఛకు ఖరీదు ఉంది. వేళ్ల కొసల మధ్య ఒక కిలో బలంతో సూదిని పట్టుకుంటే, మొదట్లోని కీలు మీద దాదాపు 12 కిలోల ఒత్తిడి పడుతుందని శాస్త్రజ్ఞుల లెక్క. ఏళ్ల తరబడి అలా నలిగి, ఎముకల కొసలను కప్పి ఉండే మృదులాస్థి అరుగుతుంది. దీన్నే కీలు అరుగుదల అంటారు. నెలసరి ఆగిన వయసు స్త్రీలలో ఇది ఎక్కువ. వంశపారంపర్యం, వదులుగా ఉన్న కీలు బంధనాలు కూడా కారణాలే కాబట్టి నేరమంతా కత్తెర మీదే వేయలేం.

యాభై దాటిన ఒక టైలరమ్మ సంగతి అనుకుందాం. నొప్పి మొదట బయటపడేది సీసా మూత తిప్పేటప్పుడు, తాళం తీసేటప్పుడు. తర్వాత హుక్కులు కుట్టేటప్పుడు సూది లాగాలంటే చురుక్కుమంటుంది. పొద్దున కాసేపు బిగుసుకుపోయినట్టుండి, అరగంటలోపే సర్దుకుంటుంది. ముదిరితే బొటనవేలి మొదట్లో ఎముక గట్టుకట్టినట్టు పైకి కనిపిస్తుంది.

ఆమె మందుల షాపుకెళ్లి మణికట్టు పట్టీ ఒకటి కొంటుంది. పొరపాటు జరిగేది ఇక్కడే. ఆ పట్టీ మణికట్టును బిగిస్తుంది, నొప్పి ఉన్న కీలును మాత్రం వదిలేస్తుంది. నొప్పి మణికట్టు పక్కన ఉబ్బెత్తుగా ఉండే ఎముక మీద ఉండి, బొటనవేలిని పిడికిట్లో పెట్టి చేతిని చిటికెనవేలి వైపు వంచితే పొడిచినట్టుంటే, అది స్నాయువుల వాపు కావచ్చు. దానికి వాడే పట్టీ వేరు. వేళ్లు తిమ్మిరెక్కితే నరం సంగతి చూడాలి. రెండు చేతుల్లో చాలా కీళ్లు వాచి, పొద్దున బిగుతు గంటకు పైగా ఉంటే రుమటాయిడ్ పరీక్షలు చేయించాలి. ఎక్స్‌రే ఉపయోగపడుతుంది గానీ, అందులో కనిపించే అరుగుదలకూ నొప్పికీ ఎప్పుడూ పొంతన ఉండదు.

మొదటి కీలు అరుగుదలకు సరిపోయేది పొట్టి స్ప్లింట్. అది అరచేయి అంచును, బొటనవేలి మొదలును పట్టి ఉంచుతుంది. మణికట్టును, వేలి కొసనున్న కణుపును మాత్రం వదిలేస్తుంది. కొస వంగితేనే కదా సూది పట్టుకునేది! థెరపిస్టు ప్లాస్టిక్ రేకును వేడినీళ్లలో మెత్తబరిచి, బొటనవేలును చూపుడువేలితో గుండ్రంగా కలిపించి ఆ ఆకారానికి తయారుచేస్తారు. వేడికి మెత్తబడే గుణం దానికి అలాగే ఉంటుంది కాబట్టి, ఇస్త్రీపెట్టె పక్కన మాత్రం పెట్టకూడదు.

దీన్ని రోజంతా బిగించుకు కూర్చోనక్కర్లేదు. కత్తిరింపులకు, హుక్కులకు వేసుకుని, మధ్యమధ్య తీసి వేలు కదిలించాలి. మిషను మీద గుడ్డను జరపడానికి అడ్డమైతే తీసేయడమే మేలు. వేలాడే వెల్క్రో కొస చక్రం దగ్గర ప్రమాదం. తీసిన అరగంటకు కూడా చర్మం మీద ఎర్ర గుర్తు పోకపోయినా, వేలు మొద్దుబారినా మళ్లీ సరిచేయించుకోవాలి.

ఫలితం విషయంలో పరిశోధనలు ఒకే మాట చెప్పవు. ఫ్రాన్స్‌లో 112 మందితో జరిగిన పరీక్షలో, రాత్రిపూట స్ప్లింట్ వేసుకున్నవారికి నెలలో పెద్ద తేడా కనిపించలేదు, ఏడాదికి నొప్పి తగ్గింది. బ్రిటన్‌లో జరిగిన మరో పరీక్షలో వ్యాయామాలు, జాగ్రత్తలు నేర్పినవారికి స్ప్లింట్ జోడించినా, 8 వారాల్లో అదనపు లాభం కనిపించలేదు. అంటే స్ప్లింట్ ఒక ఆసరా. అరిగినదాన్ని తిరిగి మొలిపించదు.

పని తీరు మారకపోతే ఆ ఆసరా చాలదు. కత్తెరకు సాన పట్టించాలి, ఒకసారికి రెండు పొరలకు మించి కోయకూడదు. సూది జారితే చిన్న రబ్బరు ముక్కతో పట్టి లాగితే పట్టు బలం తక్కువ చాలు. హుక్కులన్నీ ఒకే కూర్చులో కుట్టకుండా మిషను పనితో మార్చుకుంటూ పోవాలి. నొప్పి ఎక్కువైతే పైపూత జెల్, ఇంకా లొంగకపోతే డాక్టరు ఇచ్చే ఇంజెక్షను. ఇవేవీ పనిచేయనివారికే ఆపరేషను. అందులో సాధారణంగా అరిగిన కీలులోని చిన్న ఎముకను తీసేస్తారు, చేతికి పూర్తి బలం రావడానికి నెలలు పడుతుంది. టైలర్లకు అన్ని నెలలు మిషను ఆగడమంటే చిన్న మాట కాదు కాబట్టి, సీసా మూత దగ్గర నొప్పి మొదలైనప్పుడే చేతిని ఒకసారి ఎముకల డాక్టరుకు చూపించండి.