రెండు నాణేలు, నాలుగు గడులు

మన పిల్లలు అనువంశికత పాఠాన్ని బడిలో కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో చదువుతారు. ఇంట్లో దాన్నే తెలుగులో చెప్పడానికి మనకు రెండు రూపాయి బిళ్లలు చాలు.

బఠానీ మొక్క ఎత్తును రెండు కారకాలు నిర్ణయిస్తాయి. తల్లి మొక్క నుంచి ఒకటి, తండ్రి మొక్క నుంచి ఒకటి వస్తుంది. పొడవుది T, పొట్టిది t అనుకుందాం. ఒక్క T ఉన్నా మొక్క పొడవుగానే పెరుగుతుంది. రెండు Tt మొక్కలను కలిపితే గడులు ఇలా వస్తాయి:

```
     T    t
T    TT   Tt
t    Tt   tt
```

మూడు గడులు పొడవు, ఒకటి పొట్టి.

ఇప్పుడు ఒక నాణెం తల్లి, రెండోది తండ్రి. బొమ్మ పడితే T, బొరుసు పడితే t. రెండూ కలిపి ఎగరేసి, పడిన జతను రాసుకోవాలి. రెండూ బొరుసైతేనే పొట్టి మొక్క.

నాలుగుసార్లు ఎగరేస్తే ఒక్క పొట్టి మొక్క కూడా రాకపోవచ్చు. "పట్టిక తప్పా?" అని పిల్లలు అడిగేది ఇక్కడే. తప్పు కాదు. నాలుగు గడులంటే నాలుగు మొక్కలు కావు, ప్రతి మొక్కకూ ఉన్న నాలుగు అవకాశాలు. ముందు ఏం పడిందో నాణేనికి గుర్తుండదు. వందసార్లు ఎగరేస్తే పొట్టివి 25కు అటూఇటూగా వస్తాయి. మెండెల్ 1,064 మొక్కలు లెక్కపెడితే 787 పొడవు, 277 పొట్టి వచ్చాయి.

మనుషుల ఎత్తుకు ఈ పట్టిక పనికిరాదు, దాని వెనక ఎన్నో జన్యువులున్నాయి. తలసీమియాకు మాత్రం పనికొస్తుంది. భార్యాభర్తలిద్దరూ బీటా తలసీమియా వాహకులైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మొదటి బిడ్డకు వచ్చింది కదా, రెండో బిడ్డకు రాదులే అనుకోకూడదు. నాణెం మళ్లీ కొత్తగా ఎగురుతుంది.