కొండ దిగేటప్పుడే తెలిసే బూటు గుణం

పాడేరు: శీతాకాలంలో మబ్బుల సముద్రాన్ని చూసేందుకు అల్లూరి సీతారామరాజు జిల్లా పాడేరు సమీపంలోని వంజంగి కొండకు తరలివచ్చే వారిలో అనేకులకు అదే తొలి కొండనడక. సూర్యోదయానికి ముందే శిఖరం చేరాలన్న ఆతృతతో చీకటిలో, టార్చి వెలుగులో ఎర్రమట్టి, రాళ్ల దారి వెంట ఎక్కుతారు. మంచుకు తడిసిన నేల ఆరకముందే తిరుగుముఖం పడతారు. ఎక్కేటప్పుడు ఆయాసపడినా కాళ్లకు అసలు పరీక్ష ఎదురయ్యేది దిగేటప్పుడే. అడుగు వేసిన ప్రతిసారీ శరీరపు బరువు పాదాన్ని బూటు ముందుభాగంలోకి నెడుతుంది. అప్పటికే తొడల కండరాలు అలసి ఉంటాయి. జారిపడటం, మడమ బెణకడం, కాలిగోళ్లు నల్లబడటం ఎక్కువగా ఈ దశలోనే సంభవిస్తాయి. అందుచేత బూటును కొనేటప్పుడు అది దిగువదారిలో ఎలా పనిచేస్తుందన్నదే ప్రధానంగా చూడాలి.

అనకాపల్లి నుంచి తొలిసారి వంజంగికి వెళ్లదలచిన ఒక విద్యార్థిని దుకాణంలో మూడు జతలు చూసిందనుకుందాం. ఒకటి రోజూ వేసుకునే రకం స్పోర్ట్స్ షూ. రెండోది చీలమండ కింది వరకే ఉండే ట్రెక్కింగ్ షూ. మూడోది చీలమండను పూర్తిగా కప్పే ఎత్తయిన బూటు. సహజంగా చూపు మూడో జత మీదికే పోతుంది. ఖరీదు ఎక్కువ, చూడటానికి దిట్టంగా ఉంటుంది. అయితే ఎంపిక అక్కడ మొదలు కాకూడదు.

కొలతే మొదటి మెట్టు

సోలు ఎంత మంచిదైనా లోపల పాదం కదులుతూ ఉంటే ప్రయోజనం లేదు. ఏడు, ఎనిమిది అనే నంబర్లు కంపెనీని బట్టి మారుతూ ఉంటాయి కనుక వాటిని నమ్ముకోరాదు. బూటులోని ఇన్‌సోల్‌ను బయటికి తీసి నేలపై పరచి, దానిపై నిలబడి చూడటం సులువైన పద్ధతి. మడమను వెనుక అంచుకు సరిగ్గా ఆనించినప్పుడు అన్నింటికన్నా పొడవైన వేలి ముందు 1 నుంచి 1.5 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. చిటికెనవేలు వైపు పాదం ఇన్‌సోల్ అంచు దాటి బయటికి వస్తే ఆ బూటు వెడల్పు చాలదని అర్థం. వాడగా వాడగా సాగుతుందని దుకాణదారు చెప్పినా పొడవు మాత్రం సాగదు.

పగలంతా నడిచిన పాదం సాయంత్రానికి కొంత ఉబ్బుతుంది. కొండపైనా అదే జరుగుతుంది. కనుక సాయంత్రం వేళ, కొండకు వేసుకునే మేజోళ్లనే తొడుక్కొని కొలత చూడాలి. నూలు మేజోళ్లు చెమటను పీల్చి తడిగానే ఉండిపోతాయి. తడిసిన చర్మం త్వరగా బొబ్బలెక్కుతుంది. ఉన్ని లేదా సింథటిక్ రకాలు మేలు.

తర్వాత దుకాణం మెట్లు నాలుగైదుసార్లు దిగి చూడాలి. వేళ్లు ముందుభాగానికి తగిలితే బూటు పొట్టిది, లేదా లేసులు వదులు. మెట్లు ఎక్కేటప్పుడు మడమ లోపల పైకి లేస్తూ ఉంటే బొబ్బలు ఖాయం. చాలా బూట్లకు పైన ఒక అదనపు రంధ్రం ఉంటుంది. దాన్ని అలంకారంగా భావించి వదిలేసేవారే ఎక్కువ. ప్రతి వైపు లేసును అదే వైపు ఉన్న ఆ రంధ్రంలో దూర్చి చిన్న వలయంగా ఉంచి, ఎదుటి వైపు లేసును ఆ వలయంలోంచి తీసి బిగిస్తే మడమ కదలదు, పాదం ముందుకు జారదు. అలా కట్టినా మడమ లేస్తుంటే ఆ జతను పక్కన పెట్టడమే మంచిది.

సోలు పళ్లు, చీలమండ రక్షణ

విద్యార్థిని చూసిన స్పోర్ట్స్ షూ ఈ దశలోనే వెనకబడుతుంది. దాని అడుగు దాదాపు చదునుగా, మెత్తని నురగతో ఉంటుంది. ట్రెక్కింగ్ షూ సోలుకు 4 లేదా 5 మిల్లీమీటర్ల లోతైన పళ్లు ఉంటాయి. లోతు ఒక్కటే చాలదు, పళ్ల నడుమ ఎడం కూడా ఉండాలి. ఎడం లేకపోతే తడి ఎర్రమట్టి ఇరుక్కుని, పది అడుగుల్లోనే సోలు మళ్లీ నున్నగా మారిపోతుంది. మడమ దగ్గర అడ్డంగా ఉన్న అంచు దిగేటప్పుడు బ్రేకులా పనిచేస్తుంది. తడి రాతిపై మాత్రం పళ్లకన్నా రబ్బరు గుణం ముఖ్యం. గోటితో నొక్కితే కొద్దిగా దిగి మళ్లీ లేచే రబ్బరు రాతిని పట్టుకుంటుంది. గట్టి ప్లాస్టిక్‌లా తగిలే సోలు ఎక్కువకాలం మన్నుతుంది గానీ జారుతుంది.

ఎత్తయిన బూటు వేసుకుంటే మడమ బెణకదన్న నమ్మకం పూర్తిగా నిజం కాదు. ఆ మెత్తని పట్టీ రాళ్ల దెబ్బల నుంచి, లోపలికి గులకరాళ్లు చేరడం నుంచి కాపాడుతుంది. శరీరపు బరువంతా ఒక పక్కకు ఒరిగితే దాన్ని నిలబెట్టే బలం ఆ పట్టీకి లేదు. పాదాన్ని స్థిరంగా ఉంచేవి మడమ చుట్టూ ఉండే గట్టి కప్పు, సులువుగా మెలితిరగని సోలు. కప్పును వెనుక నుంచి వేళ్లతో నొక్కితే అణగిపోకూడదు. రెండు చివరలు పట్టుకొని తడిగుడ్డలా పిండబోతే సోలు ఎదురుతిరగాలి. వంచినప్పుడు మధ్యలో కాక, వేళ్లు వంగే చోటనే వంగాలి. గతంలో మడమ బెణికిన వారికి, పది కిలోల వరకు బరువు మోసేవారికి ఎత్తయిన బూటు సబబే. ఒక పూట నడకకు, తేలికపాటి సంచితో వెళ్లే ఈ విద్యార్థినికి కొలత సరిపోతే రెండో జతే చాలు. పైగా బరువు తక్కువ కనుక అలసట తగ్గుతుంది.

అన్నయ్య దగ్గరో, స్నేహితుల దగ్గరో ఏళ్ల తరబడి అటక మీదున్న బూట్లను అడిగి తెచ్చుకునేవారు ఒక విషయం గమనించాలి. చాలా బూట్లలో సోలుకు, పైభాగానికి మధ్యన ఉండే పాలీయూరిథేన్ పొర గాలిలోని తేమకు క్రమంగా చివికిపోతుంది. ఒక్కసారీ తొడగని బూటుకైనా ఇది తప్పదు. పైకి కొత్తగా కనిపించే సోలు నడిదారిలో ఊడి చేతికొస్తుంది. ఆ పొరను బొటనవేలితో గట్టిగా నొక్కినప్పుడు పగుళ్లు కనిపించినా, పొడి రాలినా దాన్ని వాడకూడదు.

కొత్త జతతో నేరుగా కొండకు పోవడమూ పొరపాటే. కనీసం రెండు వారాలు ముందుగా కొని, ఊళ్లోనే నాలుగైదుసార్లు గంటసేపు నడవాలి. ఎక్కడైనా చర్మం వేడెక్కి మంటగా అనిపిస్తే అక్కడ బొబ్బ రాబోతున్నట్లే. వెంటనే ఆగి అంటుపట్టీ వేయాలి.

వీపు సంచి

రెండు లీటర్ల నీరే రెండు కిలోలు తూగుతుంది. అల్పాహారం, వానకోటు, టార్చి, మందులు కలిపితే మొత్తం నాలుగు కిలోల వరకు అవుతుంది. తెల్లవారుజామున వేసుకున్న స్వెట్టరును ఎక్కుతూ ఉండగానే విప్పేస్తారు, దానికీ చోటు కావాలి. ఈ లెక్కన 20 నుంచి 25 లీటర్ల సంచి సరిపోతుంది. ఇంకా పెద్దది కొంటే ఖాళీని నింపాలన్న ఆశతో బరువు పెంచుకోవడమే అవుతుంది.

ఇంట్లో ఉన్న కాలేజీ బ్యాగు చాలదా అన్న ప్రశ్న సహజం. దానికి నడుము పట్టీ ఉండదు. భుజాల నుంచి వేలాడుతూ వీపుకు దూరంగా వెనక్కు లాగుతుంది. దిగేటప్పుడు ఆ లాగుడుకు మనిషి వెనక్కు వాలగా పాదాలు ముందుకు జారుతాయి. చిన్న సంచుల నడుము పట్టీ బరువును మోయదు గానీ ఊగకుండా ఆపుతుంది. అది పొట్టమీద కాకుండా తుంటి ఎముకల మీద కూర్చోవాలి. ఛాతీ పట్టీ భుజపట్టీలు పక్కకు జారకుండా పట్టి ఉంచుతుంది.

దుకాణంలో ఖాళీ సంచిని తగిలించుకుంటే ఏదైనా హాయిగానే ఉంటుంది. నీటి సీసాలు రెండు వెంట తీసుకువెళ్లి, అందులో వేసి పది నిమిషాలు తిరిగి చూడాలి. ముందుకు వంగి లేచినప్పుడు సంచి తలకు తగిలినా, పక్కకు ఊగినా అది ఆ ఒంటికి సరిపోయే కొలత కాదు. సర్దేటప్పుడు నీటి సీసాలను వీపుకు ఆనించి, స్వెట్టరు వంటి తేలిక వస్తువులను వెలుపలి వైపు ఉంచాలి. టార్చి, వానకోటు మాత్రం చీకట్లో తడుముకోకుండా దొరికేలా పై అరలో ఉండాలి.