వార్డెన్‌ గారి ఉత్తరం, వెనకాల ఓ పట్టిక

"తల్లిదండ్రులకు నమస్కారం. ఆగస్టు నుంచి నవంబరు వరకు మెస్‌ చార్జీలలో వచ్చిన మార్పులను తెలిపే పట్టికను దీనితో జతపరుస్తున్నాము. నిత్యావసర సరుకుల ధరలు పెరిగినందువల్ల రోజువారీ రేటు పెరిగినదని గమనించి, బకాయిలను పదో తేదీలోగా చెల్లించి సహకరించగలరు."

2024 డిసెంబరు మొదటివారంలో గచ్చిబౌలి వైపున్న ఓ ఇంజనీరింగ్‌ కాలేజీ ఆడపిల్లల హాస్టల్‌ నుంచి మా అక్కయ్యకు వచ్చిన ఉత్తరం ఇది. అక్కయ్య ఉండేది సూర్యాపేటలో. ఉత్తరాన్ని ఫోటో తీసి నాకు పంపించి, వెంటనే ఫోన్‌ చేసింది.

"చూడవే, దసరాకీ దీపావళికీ కలిపి పిల్ల పదహారు రోజులు నా దగ్గరే ఉంది. అక్కడ తిన్నది పదిహేను రోజులు. దానికి 2,280 వేశారు. ఆగస్టులో రోజుకి 120 అన్నవాళ్ళు అక్టోబరులో 152 అంటారేమిటి? పిల్లలు లేకపోతే ఖర్చు తగ్గాలి గానీ పెరుగుతుందా? ఎవరో మింగుతున్నారు. నువ్వు బీకాం చదివావు, దగ్గర్లోనే ఉన్నావు. వెళ్ళి అడుగు. తేలకపోతే మాదాపూర్‌లో ప్రైవేటు హాస్టల్‌ చూసి పెట్టు, మార్చేస్తాను."

పట్టిక ఇదీ:

| నెల | మొత్తం ఖర్చు (రూ.) | భోజన దినాలు | రోజుకి రేటు (రూ.) |
|---|---|---|---|
| ఆగస్టు | 4,32,000 | 3,600 | 120 |
| సెప్టెంబరు | 4,00,000 | 3,200 | 125 |
| అక్టోబరు | 3,04,000 | 2,000 | 152 |
| నవంబరు | 4,16,000 | 3,200 | 130 |

ఉస్మానియా హాస్టళ్ళలో ఉండి చదువుకున్నవాళ్ళకి 'డివైడింగ్‌' అన్న మాట కొత్త కాదు. ఇదీ అదే పద్ధతి. నెలంతా అయిన ఖర్చును ఆ నెల మొత్తం భోజన దినాలతో భాగిస్తారు. ఒక పిల్ల ఒక రోజు మెస్‌లో ఉంటే అది ఒక భోజన దినం. ఈ హాస్టల్‌లో ఉన్నది 120 మంది. అందరూ ఆగస్టు 31 రోజులూ ఉంటే 3,720 దినాలు కావాలి. ఊళ్ళకి వెళ్ళినవాళ్ళవి తీసేస్తే 3,600 మిగిలాయి. 4,32,000ని 3,600తో భాగిస్తే 120. ఎవరు ఎన్ని రోజులు ఉంటే అన్ని 120లు కడతారు. లాభం అన్న మాట ఇందులో ఉండకూడదు.

పట్టికను మళ్ళీ ఒకసారి చూడండి. అక్టోబరులో మొత్తం ఖర్చు ఆగస్టు కంటే 1,28,000 తగ్గింది. అంటే అక్కయ్య అన్నది నిజమే, పిల్లలు లేకపోతే ఖర్చు తగ్గింది. కానీ దినాలు ఇంకా ఎక్కువ తగ్గాయి. మన ఇంట్లోనైనా నలుగురిలో ఇద్దరు ఊరెళితే బియ్యం సగమవుతాయి గానీ పనమ్మాయి జీతం సగమవుతుందా?

మర్నాడు వెళ్ళాను. వార్డెన్‌ గారు ఆ కాలేజీలోనే పాఠాలు చెప్పే ఆవిడ. హాస్టల్‌ బాధ్యత అదనం. ముందు కాస్త బిగుసుకున్నారు గానీ, "తగువుకి రాలేదండీ, లెక్క అర్థం చేసుకుందామని వచ్చాను" అనేసరికి రిజిస్టర్లు తెప్పించారు. పెద్ద వంటమనిషికి 25,000, ఇద్దరు సహాయకులకి 36,000, వడ్డించి గిన్నెలు తోమే నలుగురికి 48,000, కరెంటూ నీళ్ళూ మరమ్మతులూ 35,000. వెరసి 1,44,000. పిల్లలు 120 మంది తిన్నా, నలభై మంది తిన్నా ఇది కదలదు. మిగిలింది బియ్యం, పప్పు, కూరలు, పాలు, నూనె, గ్యాస్‌. ఆగస్టులో 4,32,000 నుంచి 1,44,000 తీసేస్తే 2,88,000. దాన్ని 3,600తో భాగిస్తే రోజుకి 80. అక్టోబరులో 3,04,000 నుంచి అదే 1,44,000 తీసేస్తే 1,60,000. దాన్ని 2,000తో భాగిస్తే... అదీ 80 రూపాయలే!

అంటే అక్టోబరులో సరుకుల ఖర్చు ఒక్క పైసా పెరగలేదు. కదలని ఖర్చు ఆగస్టులో దినానికి 40 రూపాయలుగా పంచుకున్నది, సెలవుల నెలలో 72 అయి కూర్చుంది. ఎవరూ మింగలేదు. ఉత్తరంలో రాసిన కారణం మాత్రం సరికాదు.

ఇక నవంబరు. సెప్టెంబరులోనూ నవంబరులోనూ భోజన దినాలు సరిగ్గా 3,200 ఉండటం మన అదృష్టం. సెలవుల తికమక లేకుండా రెండు నెలల్నీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. 125 కాస్తా 130 అయింది. ఇక్కడ ధరలు పెరిగిన మాట నిజమే. 2024 సెప్టెంబరు 14 నుంచి కేంద్రం ముడి వంటనూనెల మీద ప్రాథమిక దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. మనం వాడే పామాయిల్‌, సన్‌ఫ్లవర్‌ చాలావరకు బయటి నుంచి వచ్చేవే కాబట్టి దసరా నాటికే దుకాణాల్లో ఆ సెగ తగిలింది. ఉల్లిగడ్డ సంగతి ఆ నవంబరులో సంచీ పట్టుకెళ్ళిన ప్రతి ఇల్లాలికీ గుర్తుండే ఉంటుంది.

అయితే 'నూనె పెరిగింది' అంటే చాలదు. ఎంత పెరిగితే రోజుకి ఎంత పడుతుందో చూడాలి. ఆ మెస్‌లో ఒక్కో పిల్లకి రోజుకి నలభై గ్రాముల నూనె పడుతోంది. కొన్న బిల్లుల ప్రకారం కిలోకి పాతిక రూపాయలు పెరిగింది. అంటే మనిషికి రోజుకి ఒక్క రూపాయి. ఉల్లిగడ్డ యాభై గ్రాములు, కిలోకి ముప్ఫై పెరిగింది. అది రూపాయిన్నర. రెండూ కలిపితే రెండున్నర. మిగతా రెండున్నర ఏమైనట్టు?

గ్యాసేమో అనుకున్నాను. హోటళ్ళకీ హాస్టళ్ళకీ ఇచ్చే పందొమ్మిది కిలోల సిలిండర్‌ ధరను ఆయిల్‌ కంపెనీలు ప్రతి నెలా ఒకటో తారీఖున సవరిస్తుంటాయి. కానీ ఆ మెస్‌లో ఒక సిలిండర్‌ దాదాపు నూట యాభై భోజన దినాలకి వస్తోంది. సిలిండర్‌ అరవై రూపాయలు పెరిగినా మనిషికి పడేది నలభై పైసలు. అది కాదు.

చివరికి కోడిగుడ్ల పద్దులో దొరికింది. పిల్లల మెస్‌ కమిటీ అడిగితే నవంబరు నుంచి వారానికి మూడు గుడ్లు అదనంగా పెడుతున్నారు. నెలకి పదమూడు గుడ్లు, గుడ్డు ఆరు రూపాయలు, 78. ముప్ఫై రోజుల మీద వేస్తే రెండు రూపాయల అరవై పైసలు. లెక్క కుదిరింది.

"మరి ఇంత మంచి సంగతి ఉత్తరంలో ఎందుకు రాయలేదండీ?" అంటే ఆవిడ నవ్వేశారు. "ప్రతిసారీ అదే ఉత్తరం. నెలల పేర్లు మారుస్తాం, అంతే" అన్నారు. 'ధరలు పెరిగినందువల్ల' అన్న వాక్యం అక్కడ ఎన్నేళ్ళ నుంచి ఉందో!

ఇలాంటి ఉత్తరం మీకు వస్తే మరో రెండు సంగతులు అడగండి. మొదటిది, 'మొత్తం ఖర్చు' అంటే ఏమిటని. నెల మొదట ఉన్న నిల్వ, దానికి నెలలో కొన్నది కలిపి, ఆఖరి రోజున మిగిలిన నిల్వ తీసేస్తే వచ్చేదే ఖర్చు. మిగిలిన నిల్వ తీయడం మరిచిపోతే, ఆఖరివారంలో దింపిన బియ్యం బస్తాలు ఆ నెల నెత్తిన పడతాయి. ఒక నెల రేటు ఉన్నట్టుండి లేచి, మరుసటి నెల అంతే పడిపోతే అనుమానించాల్సింది దీన్నే. రెండోది, మీ పిల్ల దినాలు. చాలా హాస్టళ్ళలో ముందుగా కాగితం రాసిస్తేనే ఆ రోజులు తీసేస్తారు. చెప్పకుండా బస్సెక్కితే తినకపోయినా తిన్నట్టే లెక్క. మా పిల్ల రాసిచ్చింది గనుక పదిహేను దినాలే పడ్డాయి.

అక్కయ్య అడిగిన ప్రైవేటు హాస్టళ్ళ సంగతి. 1998లో సైబర్‌ టవర్స్‌ ప్రారంభమయ్యాక మాదాపూర్‌, కొండాపూర్‌, గచ్చిబౌలి గల్లీల్లో ఇవి వరసగా లేచాయి. అక్కడ గదికీ భోజనానికీ కలిపి ఒకటే రేటు. ఊరెళ్ళినా తగ్గదు. పట్టిక ఉండదు, మెట్ల దగ్గర కాగితం అంటిస్తారు. ధరలు పెరిగిన నెలలో రేటు పెరగదు నిజమే, పప్పు పలచనవుతుంది. టమాటా కిలో వంద దాటిన 2023 జూలైలో చారులో టమాటా వెతుక్కున్నామని మా మేడ మీద అద్దెకుండే సాఫ్ట్‌వేర్‌ అమ్మాయి ఇప్పటికీ చెబుతుంది. జీఎస్టీ పేరు చెప్పి రేటు పెంచితే మాత్రం ఊరుకోనక్కర్లేదు. 2024 జూన్‌ 22 నాటి జీఎస్టీ కౌన్సిల్‌ సమావేశంలో, నెలకి మనిషికి ఇరవై వేలు దాటని వసతికి, వరసగా తొంభై రోజులకి తక్కువ కాకుండా ఉంటే, పన్ను మినహాయించాలని నిర్ణయించారు.

ఇంతకీ నన్ను ఎక్కువ కదిలించింది మా పిల్ల బిల్లు కాదు. రిజిస్టర్‌లో ఒక పేరుకి ఎదురుగా అక్టోబరు 31 దినాలూ ఉన్నాయి. ఆ అమ్మాయిది ఆసిఫాబాద్‌ వైపు పల్లె. దారి ఖర్చులకి జంకి పండక్కి వెళ్ళలేదట. ఆమె బిల్లు 4,712. ఆగస్టులో అన్నే రోజులకి 3,720 కట్టింది. మన పిల్లలందరూ బతుకమ్మ ఆడుకోవడానికి ఇళ్ళకి వస్తే, వంటవాళ్ళ జీతంలో మన వాటా కూడా ఆ అమ్మాయి పళ్ళెంలో పడింది. ఆ నవంబరులోనే తెలంగాణ ప్రభుత్వం సంక్షేమ హాస్టళ్ళలో కాలేజీ విద్యార్థుల డైట్‌ చార్జీని నెలకి 1,500 నుంచి 2,100 చేసింది. ఆ 2,100 పక్కన 4,712 పెట్టి చూస్తే ఆ ఇంటి మీద ఎంత బరువో తెలుస్తుంది.

దీనికి మందు ఉంది. బిల్లును రెండు ముక్కలు చేయడమే. కదలని 1,44,000ని 120 మందికి సమంగా పంచితే తలకి 1,200. అది ఉన్నా లేకున్నా అందరూ కట్టాలి. ఆ పైన తిన్న రోజులకి 80 చొప్పున. అలా వేస్తే అక్టోబరులో ఆ అమ్మాయికి 3,680 పడుతుంది. మా పిల్లకి 2,280 బదులు 2,400. హాస్టల్‌కి వచ్చే మొత్తం మారదు.

అక్కయ్యకి ఫోన్‌లో చెప్పాను. "అంటే నేను నూట ఇరవై ఎక్కువ కట్టాలని నువ్వే వెళ్ళి చెప్పొచ్చావన్నమాట" అంది. కాసేపాగి, "ఆ పిల్ల వాళ్ళ నాన్న ఏం చేస్తాడటా?" అని అడిగింది. హాస్టల్‌ మార్చే మాట మళ్ళీ ఎత్తలేదు.

వార్డెన్‌ గారు ఈ పద్ధతిని మెస్‌ కమిటీ ముందు పెట్టారు. పిల్లలు ఒప్పుకున్నారు గానీ మే నెల దగ్గర ఆగింది. ఎండాకాలం సెలవుల్లో హాస్టల్‌ దాదాపు ఖాళీ. వంటవాళ్ళని పంపించేస్తే జూన్‌లో మళ్ళీ దొరకరు. నెలంతా ఇంట్లో ఉన్న పిల్ల నుంచి 1,200 ఎలా అడగాలని ప్రశ్న. ఏడాది మొత్తం కదలని ఖర్చు లెక్కేసి, పిల్లలుండే పది నెలల మీదా సర్దితే తలకి నెలకి ఇంకో రెండు వందల పైచిలుకు పడుతుంది. ఆ లెక్క వేసి తెమ్మని ఇప్పుడు నాకే అప్పజెప్పారు.