గంట పాఠం రెండు పుటల్లోకి: రికార్డింగ్ విని పరీక్షకు నోట్సు రాసుకునే పద్ధతి

మన పద్మానగర్‌లో బీకాం చదివే పిల్లలు చాలామంది రికార్డు చేసిన పాఠాలను ఫోన్‌లో వింటున్నారు. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన ‘స్వయం’లోనూ యూనివర్సిటీ పాఠాలు దొరుకుతాయి. వినడం సులువే, పరీక్ష ముందు దాన్ని గుర్తుకు తెచ్చుకోవడమే కష్టం.

మొన్న మా సంఘం ఆఫీసుకు ఒక అమ్మాయి నోట్సు పట్టుకొని వచ్చింది. నాన్న సాంచాలు నడుపుతాడు. గంట పాఠానికి ఇరవై రెండు పుటలు రాసింది. సారు చెప్పిన ప్రతి మాటా అందులో ఉంది. అయినా లెక్కలో ఒక్క అంకె మార్చి ఇస్తే చేయలేకపోయింది. ఆ పాఠాన్నే మళ్లీ తీసుకొని ఆమెతో కూర్చున్నాం. పాఠం పేరు బ్రేక్ ఈవెన్ పాయింట్, అంటే లాభమూ నష్టమూ లేని చోటు.

మొదటిసారి వినేటప్పుడు పాఠాన్ని రాయనివ్వలేదు. సారు ఒక మాటకు అర్థం చెప్పిన నిమిషం, లెక్క మొదలుపెట్టిన నిమిషం, ఈ రెండే కాగితం అంచున వేసుకోమన్నాం. గంటలో అలాంటివి ఏడు తేలాయి. రెండోసారి ఆ ఏడు చోట్లే విన్నాం. ముచ్చట్లు, మళ్లీ మళ్లీ చెప్పినవి వాటంతట అవే జారిపోయాయి.

తర్వాత నిర్వచనాలు. ఒక్కోదానికి మూడు వరుసలు చాలు: అది ఏమిటి, సూత్రం ఏమిటి, ఏ షరతు మీద నిలుస్తుంది. పరీక్షలో రాయవలసిన మాటను ఉన్నది ఉన్నట్టు రాసి, కింద మన మాటల్లో అర్థం పెట్టుకోవాలి.

స్థిర ఖర్చు: నేత తగ్గినా పెరిగినా నెలకు మారనిది. షెడ్డు కిరాయి, జాబర్ నెల జీతం.
మారే ఖర్చు: మీటరు మీటరుకూ పెరిగేది. నూలు, మీటరు లెక్కన ఇచ్చే నేత కూలి.
కాంట్రిబ్యూషన్: అమ్మకం ధరలోంచి మారే ఖర్చు తీసేస్తే మిగిలేది.
బ్రేక్ ఈవెన్: స్థిర ఖర్చును మీటరు కాంట్రిబ్యూషన్‌తో భాగిస్తే వచ్చే మీటర్లు.

ఆమె పాత నోట్సులో ‘కూలి, జీతాలు మారే ఖర్చు’ అని ఒకే వరుసలో ఉంది. జాబర్ జీతం నెలకు ఇస్తే అది స్థిర ఖర్చు. వాళ్ల నాన్నకు కూలి మీటరు లెక్కన వస్తుంది, అది మారే ఖర్చు. ఇంట్లో రోజూ చూసేదే కాబట్టి చెప్పగానే పట్టుకుంది.

ఇక లెక్క. వీడియో ఆపి సొంతంగా చేయాలి, ఆ తర్వాతే సారు జవాబుతో పోల్చుకోవాలి. పాఠంలోని లెక్కనే మన షెడ్డుకు మార్చుకున్నాం. అంకెలు లెక్క కోసం వేసుకున్నవే. నెలకు స్థిర ఖర్చు 60,000 రూపాయలు. మీటరు ధర 20, మారే ఖర్చు 16. కాంట్రిబ్యూషన్ 4.

60,000 ÷ 4 = 15,000 మీటర్లు

సరిచూడాలి. 15,000 మీటర్ల అమ్మకం 3,00,000. మారే ఖర్చు 2,40,000. మిగిలిన 60,000 స్థిర ఖర్చుకు సరిపోయింది, లాభం సున్న. సున్న రాలేదంటే ఎక్కడో లెక్క తప్పిందని అర్థం.

ఇప్పుడు ఒక్క అంకె మార్చాలి. నూలు మీటరుకు ఒక్క రూపాయి పెరిగిందనుకుందాం. కాంట్రిబ్యూషన్ 3 అవుతుంది. 60,000 ÷ 3 = 20,000 మీటర్లు. ఒక్క రూపాయికి ఐదు వేల మీటర్లు ఎక్కువ నేయాలి. అది చూసి ఆ అమ్మాయి, “అందుకేనా సేఠ్‌లు నూలు ధర పెరగ్గానే సాంచాలు ఆపేస్తారు?” అంది. ఆపడానికి వేరే కారణాలూ ఉంటాయి కానీ, ఇది అందులో ఒకటి. లెక్క అర్థమైందని మాకు అప్పుడు తెలిసింది.

రెండు జాగ్రత్తలు. వీడియో కింద వచ్చే అక్షరాలను నమ్మి అంకెలు ఎక్కించుకోవద్దు. ‘ఫిఫ్టీన్’ అక్కడ ‘ఫిఫ్టీ’ అయిపోవచ్చు. సారు బోర్డు మీద రాసిందే చూడాలి. రెండోది, షరతులు. ఎన్ని మీటర్లు నేసినా ధర, మీటరు ఖర్చు మారవు అనుకుంటేనే ఈ సూత్రం నిలుస్తుంది. సారు దాన్ని చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. ఇరవై రెండు పుటల్లోనూ అది లేదు, పరీక్షలో మాత్రం అడిగే ప్రశ్నే.

ఇప్పుడు ఆమె నోట్సు రెండు పుటలు. ఒకవైపు నిర్వచనాలు, షరతులు, రెండోవైపు లెక్క, మార్చిన లెక్క, పక్కన వీడియో నిమిషాలు. మర్నాడు పుట మూసి లెక్క మళ్లీ చేయాలి. ఆగినచోట ఆ నిమిషం దగ్గరే వినాలి, పాఠమంతా కాదు. మన ఇళ్లలో పిల్లలు పాఠాలు వింటుంటే, తల్లిదండ్రులు “ఎన్ని పుటలు రాశావు?” అనడం మాని, “ఒక అంకె మార్చి చేసి చూపించు” అని అడగండి.