కొలిచి రాసిన సొట్ట

గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే ఘాట్‌లో, దిగువమెట్ట దాటాక, మలుపులో ఎదురొచ్చిన లారీ తొట్టి మూల తగిలి కారు కుడి పక్క గీరుకుపోయిందనుకుందాం. అప్పుడే తీసిన ఫొటోలు తర్వాత ఫోన్‌లోంచి పోయాయి. బీమా సంస్థకు ఏం చూపించాలి?

ముందు ఫోన్‌లో తొలగించిన ఫొటోలుండే ఫోల్డర్ వెతకాలి. అవి అక్కడ కొన్నాళ్లు నిలవుంటాయి. లేవంటే దెబ్బను కొలిచి కాగితం మీద రాయడానికి టేపు, స్కేలు తెచ్చుకోవాలి. ఇవాళ కొత్త ఫొటోలు తీసుకోవచ్చు గానీ, వాటిని ప్రమాదం నాటివని చెప్పకూడదు. తేడా బయటపడితే నిజమైన క్లెయిమూ అనుమానంలో పడుతుంది.

'తలుపుకు పెద్ద సొట్ట' అని రాస్తే పనికిరాదు. కారును చదునైన నేల మీద నిలిపి, టైర్లలో గాలి సరిగ్గా ఉందో లేదో చూసి కొలవాలి. కుడి, ఎడమ అన్నవి డ్రైవరు సీట్లో కూర్చున్నవాడికి ఎటో అటే. స్కేలును సొట్టకు అడ్డంగా ఆనించి, దాని కింద ఖాళీ ఎంతుందో చూస్తే లోతు తెలుస్తుంది. ఇలా రాయొచ్చు:

'కుడి ముందు తలుపు మీద, నేల నుంచి 92 సెం.మీ. ఎత్తున గీత మొదలైంది. వెనక తలుపు మీద 88 సెం.మీ. ఎత్తున ముగిసింది. పొడవు 110 సెం.మీ. మొదట్లో లోతు 2 సెం.మీ., వెనక్కి పోయేకొద్దీ పలచబడింది. పెయింటు లేచి రేకు కనిపిస్తోంది. గీతలో నీలం రంగు అంటింది.'

అన్నిటికన్నా నేల నుంచి ఎత్తు ముఖ్యమని నా అభిప్రాయం. లారీ తొట్టి తగిలిందని చెబుతూ గీత 30 సెం.మీ. ఎత్తున ఉంటే, అది రోడ్డు పక్క రాయి దెబ్బేమోనని సర్వేయరు అడుగుతారు. మీరు చెప్పే కథకు ఆ అంకె సాక్ష్యం.

ప్రమాదం జరిగిన తేదీ, కొలిచిన తేదీ విడివిడిగా వేయాలి. మధ్యలో వాన పడితే పెయింటు లేచిన రేకు మీద తుప్పు పొర వస్తుంది. ఆ సంగతి దాచకుండా రాయాలి, లేకపోతే దెబ్బ పాతదనుకుంటారు. నిజంగా పాతవైన గీతలను వేరే పేరాలో చెప్పాలి.

ఏ భాగం దేంతో చేసిందో కూడా రాయాలి. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో 50 శాతం తరుగు కింద కోస్తారు. అద్దాలకు కోత లేదు. మూడేళ్లు దాటి నాలుగేళ్లు నిండని కారు లోహపు భాగాలకు 25 శాతం కోత. 'కుడి అద్దం పోయింది' అంటే గాజా, దాని ప్లాస్టిక్ తొడుగా అన్నది తేలదు.

ఎంత బాగా రాసినా ఆ కాగితం సర్వే తనిఖీకి బదులు కాదు. సర్వేయరు చూడకముందే మార్కాపురంలోనో గిద్దలూరులోనో షెడ్డులో సొట్ట తీయించేస్తే, కొలతలతో సరిపోల్చడానికి ఏమీ మిగలదు. ఫొటోలు పోయిన సంగతి చెబుతూ, సంతకంతో ఆ కాగితాన్ని క్లెయిమ్ ఫారానికి జతచేసి, అందినట్టు రసీదు తీసుకోండి. మార్చిన పాత భాగాలను క్లెయిమ్ తేలేదాకా షెడ్డువాళ్లను పారేయనివ్వకండి.