చావాల్సిన కణం చావకపోతే

పెద్దపేగు లోపలి గోడను మైక్రోస్కోపు కింద పెడితే నిండా సన్నటి గుంటలు కనిపిస్తాయి. వాటిని క్రిప్టులంటారు. గుంట అడుగున కొన్ని మూలకణాలు ఉండి ఎడతెగకుండా విభజన చెందుతుంటాయి. కొత్తగా పుట్టిన కణాలు గోడ వెంట పైకి జరుగుతూ, నాలుగైదు రోజుల్లో అంచుకు చేరి, చచ్చి రాలిపోతాయి. పుట్టినన్ని పోతుంటాయి కాబట్టి గోడ మందం పెరగదు. పేగు క్యాన్సర్ మొదలయ్యేది ఈ లెక్క తప్పినప్పుడే.

అడుగున ఉన్న కణానికి ‘విభజన చెందు’ అనే కబురు చుట్టుపక్కల నుంచి అందుతుంది. ఆ కబురును కణం లోపలికి మోసేది బీటా కెటెనిన్ అనే ప్రోటీన్. కణం పైకి జరిగేకొద్దీ కబురు పలచబడుతుంది. అప్పుడు ఏపీసీ అనే మరో ప్రోటీన్, తన తోటివాటితో కలిసి, బీటా కెటెనిన్‌ను పట్టుకుని నాశనానికి పంపుతుంది. విభజన ఆగిపోతుంది. ఏపీసీ జన్యువు చెడిపోతే బీటా కెటెనిన్ పోగుపడి, కేంద్రకంలోకి చేరి, విభజన జన్యువులను నడిపిస్తూనే ఉంటుంది. రాలిపోవాల్సిన కణం అక్కడే ఉండి పిల్లల్ని పెడుతుంది. అలా లేచిన చిన్న బొడిపెనే పాలిప్ అంటారు.

అయితే ప్రతి కణంలో ఏపీసీ జన్యువుకు రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. ఒకే కణంలో రెండూ చెడటం అరుదు. పుట్టుకతోనే ఒక చెడ్డ ప్రతితో వచ్చినవారికి మాత్రం ఇంకొక్క దెబ్బ చాలు. అలాంటి కుటుంబాల్లో పదిహేను, పదహారేళ్లకే పేగులో వందల పాలిప్‌లు లేస్తాయి. వైద్యం చేయకపోతే 50 ఏళ్లు వచ్చేలోగా దాదాపు అందరికీ క్యాన్సర్ వస్తుంది.

కే-రాస్ అనే జన్యువు తీరు వేరు. దాని ప్రోటీన్ ఒక స్విచ్చు. బయటి నుంచి పెరుగుదల సంకేతం అందితే ఆన్ అవుతుంది, కాసేపటికి తనను తానే ఆపుకుంటుంది. ఆ ప్రోటీన్ గొలుసులో 12వ స్థానంలో ఉండాల్సిన గ్లైసిన్ బదులు వేరే అమైనో ఆమ్లం వచ్చి కూర్చుంటే, ఆపుకునే శక్తి పోతుంది. వేలు తీసినా మోగుతూనే ఉండే కాలింగ్ బెల్ అన్నమాట. డీఎన్‌ఏలో ఒక్క అక్షరం మారితే చాలు, అదీ ఒక్క ప్రతిలో. రెండో ప్రతి ఎంత బాగున్నా మోత ఆగదు. పేగు క్యాన్సర్లలో దాదాపు 40 శాతంలో ఈ జన్యువు మారి ఉంటుంది.

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన బెర్ట్ వోగెల్‌స్టీన్, ఎరిక్ ఫియరన్ 1990లో ఈ మెట్లను వరుసగా పేర్చి చూపారు. చిన్న పాలిప్‌లలో ఏపీసీ లోపం, పెద్దవాటిలో కే-రాస్ లోపం, క్యాన్సర్‌గా మారేచోట పీ53 లోపం ఎక్కువగా కనిపించాయి. అన్ని కణితులూ ఇదే వరుసలో నడవవు. ఎక్కువసార్లు ఈ ప్రయాణానికి పదేళ్లకు పైనే పడుతుంది. కొలనోస్కోపీలో పాలిప్ కోసేస్తే ముప్పు తప్పడానికి కారణం ఈ జాప్యమే.

పీ53 ఎందుకు అంత ఆలస్యంగా పోతుంది? మామూలు కణంలో ఈ ప్రోటీన్ తయారైన కొన్ని నిమిషాలకే నాశనమవుతుంది. ఎండీఎం2 అనే ప్రోటీన్ దాన్ని నిలవనివ్వదు. డీఎన్‌ఏ తెగినా, కణం అదుపు లేకుండా విభజన చెందుతున్నా ఆ పట్టు సడలి పీ53 పోగుపడుతుంది. ముందు విభజనను ఆపుతుంది. మరమ్మతు కుదరకపోతే చావు ఏర్పాట్లు చేస్తుంది. మైటోకాండ్రియా పైపొరకు రంధ్రాలు పడి, సైటోక్రోమ్-సి బయటికి కారుతుంది. దాంతో కాస్పేజులనే ఎంజైములు మేల్కొని కణం లోపలి ప్రోటీన్లను ముక్కలు చేస్తాయి. కణం కుంచించుకుపోయి, పొర చుట్టిన చిన్న తునకలుగా విడిపోతే పక్క కణాలు వాటిని మింగేస్తాయి. వాపు రాదు, మచ్చ మిగలదు.

అంటే ఏపీసీ, కే-రాస్ లోపాలతో ఉరకలేస్తున్న పాలిప్‌లో ఆ ఉరకలే చాలా కణాలను చావుకు పంపుతుంటాయి. అక్కడ ఏదో ఒక కణంలో యాదృచ్ఛికంగా పీ53 చెడితే అదొక్కటే బతికి బట్టకడుతుంది, దాని సంతానమే నిండిపోతుంది. క్యాన్సర్ కణం ఎత్తులు వేస్తుందని రాసేవాళ్లున్నారు గానీ దానికి ఏ పథకమూ లేదు. తప్పు ఎక్కడైనా జరగవచ్చు, కలిసొచ్చిన తప్పే మిగులుతుంది. ఆపైన డీఎన్‌ఏ తెగిన కణాలు కూడా చావవు కాబట్టి మరిన్ని తప్పులు వేగంగా పేరుకుంటాయి.

ఈ లోపాన్ని ల్యాబ్‌లో రంగు వేసి చూడొచ్చు. పీ53కి అంటుకునే రంగు వేస్తే ఆరోగ్యకరమైన కణజాలంలో కేంద్రకాలు అక్కడొకటి ఇక్కడొకటి పలచగా కనిపిస్తాయి. కణితిలో చాలాసార్లు అన్నీ ముదురు గోధుమ రంగులో ఉంటాయి. చెడిన పీ53 పనిచేయదు గానీ, తనను నాశనం చేసే ఎండీఎం2ను పుట్టించలేక కణంలో గుట్టలుగా పడి ఉంటుంది. కొన్ని కణితుల్లో రంగు అసలే పట్టదు. అక్కడ ప్రోటీన్ తయారీయే ఆగిపోయి ఉంటుంది.